మునక్కాయ డెమో తర్వాత రాసిన మెయిల్

మట్టి చేసి వచ్చిన మరుసటి ఉదయం మా బాస్ నన్ను కేబిన్‌లోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. అడిగిన మొదటి మాట, "నాచారం ప్రెస్ షాపుకు ప్రపోజల్ మెయిల్ పోయిందా?" అని.

పోలేదన్నాను.

"డెమో శనివారం అయింది. ఇయ్యాల మంగళవారం. కొనేటోని మనసు సల్లారకముందే కొట్టాలె గద మెయిల్. ఇంగ ఆయన లేడు. నువ్వే కొట్టు."

ఆయన అంటే అన్న. నా సొంత అన్న కాదు. ఆ ఆఫీసులో నాకంటే పదేళ్లు పెద్ద, నాకు పని నేర్పినవాడు. శనివారం సాయంత్రం నన్ను ఉప్పల్ చౌరస్తాలో బండి మీంచి దింపి, బోడుప్పల్‌లో ఉన్న ఇంటికి వెళ్లాడు. ఆదివారం తెల్లవారుజామున గుండె నొప్పి వచ్చింది. దవాఖానాకు తీసుకెళ్లే ఆటోలోనే పోయాడు. సోమవారం పాస్టరు ప్రార్థన చేశాక మట్టి చేశాం. అందరూ ఎంతో ఓదార్పుగా మాట్లాడారు. ఆ మాటల్లో ఒక్కటీ అన్న గురించి కాదనిపించింది. ఎవరు పోయినా సరిపోయే మాటలు అవి. అలాంటి మాటలంటే నాకు అప్పటికే పడదు. ఆ వారం నుంచి అసహ్యం.

రాష్ట్రం రావడానికి ఇంకా ఐదారేళ్లుంది. మా ఆఫీసు ఉప్పల్‌లో వరంగల్ రోడ్డు మీద, టైర్ల దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది. మేం అమ్మేది ఫ్యాక్టరీ ప్రెస్సులకు పెట్టే రక్షణ పరికరం. ఇనుప రేకును అచ్చు మీద పెడితే పైనుంచి ప్రెస్సు దిగి, రేకును కోసి, వంచి పైకి వెళుతుంది. రేకు పెట్టే చెయ్యి సరైన సమయానికి బయటికి రాకపోతే వేళ్లు పోతాయి. మా పరికరం ఆ అచ్చు ముందు రెండు స్తంభాల మధ్య కంటికి కనపడని కాంతి తెర వేస్తుంది. తెరలోకి చెయ్యి వచ్చిందంటే ప్రెస్సు అక్కడికక్కడ ఆగుతుంది. తెర పనిచేస్తోందని చూపడానికి స్తంభం మీద చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది. మా వాళ్లందరూ దాన్ని కర్టెన్ అనేవాళ్లు.

నాచారం పారిశ్రామికవాడలో ఆ షాపు చిన్నదేం కాదు. ఆటోలకు పట్టీలు, బ్రాకెట్లు కొట్టే ఎనిమిది ప్రెస్సులున్నాయి. యజమాని నల్లగొండ వైపు నుంచి వచ్చి, ఒకప్పుడు తనే ప్రెస్సు మీద పనిచేసి, తర్వాత షెడ్డు కొనుక్కున్న మనిషి. పనివాళ్లు ఆయన్ని సేఠ్ అనేవాళ్లు. మేమూ అలాగే అన్నాం.

డెమోకు వెళ్లే దారిలో అన్న ఉప్పల్ మార్కెట్ దగ్గర బండి ఆపి మునక్కాయలు కొన్నాడు. వేరే కంపెనీల వాళ్లు డెమోలో తమ చెయ్యే తెరలో పెట్టి చూపించేవాళ్లు. చూసేవాళ్లు అబ్బురపడేవాళ్లు. అన్న ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. "మనం చెయ్యి పెడ్తే రేపు ఆపరేటర్ గూడ పెడ్తడు, ఆగుతదా లేదా సూద్దామని" అనేవాడు.

ముందు కర్టెన్ ఆపేసి, మునక్కాయను అచ్చు మీద పెట్టి ప్రెస్సు నడిపించమన్నాడు. మునక్కాయ పిప్పయింది. తర్వాత కర్టెన్ వేసి ఇంకో మునక్కాయ లోపలికి తోశాడు. ప్రెస్సు సగంలో ఆగిపోయింది. చుట్టూ చేరిన పనివాళ్లు నవ్వారు. కుడిచేతికి రెండు వేళ్లు సగమే ఉన్న ఒక ఆపరేటర్ ముందుకొచ్చి, ఆగిన ప్రెస్సును కిందినుంచి చూశాడు.

"మునక్కాయకున్న నసీబ్ నాకు లేకపాయె" అన్నాడు.

అందరూ మళ్లీ నవ్వారు. సేఠ్ కూడా నవ్వాడు. "నీది నసీబ్ గాదురా, తొందర. గా దినం నిన్ను ఎవడు ఉరికించిండు?" అన్నాడు.

"మీరే సేఠ్" అన్నాడు ఆపరేటర్, నవ్వు ఆపకుండానే.

సేఠ్ మాట మార్చాడు. అన్న వైపు తిరిగి, ఇది బిగించడానికి ప్రెస్సు ఎంతసేపు ఆపాలని అడిగాడు. పూటంత అన్నాడు అన్న. ధర గురించి, వారంటీ గురించి మాట్లాడాక మళ్లీ అదే అడిగాడు. "పూట అంటే పొద్దటి షిఫ్టు మొత్తం పోతదా?"

అప్పుడే సేఠ్ షెడ్డు అవతలి వరస వైపు చూపించి, "గా ఐదింటికి గూడ పెట్టు" అన్నాడు.

అవి పాత ప్రెస్సులు. కాలితో పెడల్ తొక్కితే లోపల ఒక ఇనుప కీ చక్రాన్ని పట్టుకుంటుంది. పట్టుకున్నదంటే ప్రెస్సు కిందికి దిగి, పైకి వచ్చేదాకా వదలదు. మధ్యలో ఆపే దారి లేదు. ఇవతలి మూడు గాలి క్లచ్ ఉన్నవి. గాలి తీసేస్తే బ్రేకు పడి ఎక్కడున్నవి అక్కడే ఆగుతాయి. కర్టెన్ చేసేది ఒక్కటే, ఆగమని చెప్పడం. ఆగగలిగిన ప్రెస్సుకే ఆ మాట పనికొస్తుంది.

"పెట్టొచ్చు సేఠ్. ఆగది" అన్నాడు అన్న.

"లైటు వెలుగుతది గద?"

"లైటు వెలుగుతది. ప్రెస్సు ఆగది. ఇప్పుడు మీ మనిషి భయంతోనన్న చెయ్యి తీస్తుండు. లైటు పెడ్తే గా భయం పోతది. దాని ఎంబడి చెయ్యి పోతది. వాటికి ముంగట ఇనుప జాలి పంజరం కట్టియ్యాలె. రేకు పోయేటంత సందు, వేలు పోనంత సందు. మీ వెల్డరే చేస్తడు. మేం గా పని చెయ్యం."

సేఠ్‌కు ఆ జవాబు నచ్చలేదు. కొనే మనిషికి, నీకు అమ్మనని ఎవడైనా అంటే వింతగా ఉంటుంది. కాసేపు పాత ప్రెస్సుల వైపు చూసి, "సరే తీ. మెయిల్ కొట్టు" అని లేచాడు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద అన్న అదే మాట్లాడాడు. కొనేవాళ్ల మాటలకు ఆయన దగ్గర అర్థాలుండేవి. చూద్దాం అంటే లేదు. సరే తీ అంటే ఇక లేవండి. మెయిల్ కొట్టు అంటే మెట్లు దిగేదాకా మర్యాదగా సాగనంపడం. "ఎప్పుడు కొడ్తవ్ అని అడిగిండా? అడగలె" అన్నాడు.

"అయితే పోయినట్టేనా?"

"ఆగు జర. ప్రెస్సు ఆపుడు సంగతి రెండుసార్లు అడిగిండు, విన్నవా? రేటు ఒక్కసారే అడిగిండు. పైసలు గాదు ఆయన ఫికర్. షిఫ్టు. మెయిల్‌ల ముందు గా ఫికర్ తియ్యాలె. ఆదివారం వాళ్లకు సెలవు. ఆదివారం బిగిస్తమంటే షిఫ్టు పోదు. నేను ప్రార్థన అయినంక వస్త. రాస్త, సోమవారం రాస్త."

సోమవారం ఆయన్ని మట్టిలో పెట్టాం.

ఇవన్నీ బాస్‌కు చెప్పాను. మూడు ప్రెస్సులకు కర్టెన్, ఐదింటికి పంజరం వాళ్లే చేయించుకోవాలి, బిగించడం ఆదివారం అని. ఆయన చివరిదాకా విని, కంప్యూటర్‌ను నా వైపు తిప్పాడు. మెయిల్ సగం రాసి పెట్టుకున్నాడు. మా ఆఫీసులో అందరికీ పంపే పాత మూసే అది. మొదట మా కంపెనీ గురించి మూడు పేరాలు. అత్యాధునికం, సాటిలేనిది, అగ్రగామి. తర్వాత జత చేసిన బ్రోచర్ చూడమని. తర్వాత ధర, ఎనిమిది ప్రెస్సులకు. చివర, మీ విలువైన ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నామని. అన్న ఈ చివరి వాక్యాన్ని ఎప్పుడూ తీసేసేవాడు. ఎదురుచూసేది మనమైతే ఆయన చేసేదేముంటది, ఊకుంటడు అనేవాడు.

కానీ ఈసారి అన్నిటికంటే ముందు కొత్త వాక్యాలున్నాయి. బరువెక్కిన హృదయంతో మీకు తెలియజేస్తున్నాం, శనివారం మీ దగ్గర డెమో ఇచ్చిన మా సహోద్యోగి ఇక లేరు. మీ దగ్గర ఇచ్చినదే ఆయన జీవితంలో చివరి డెమో. మీరిచ్చే ఆర్డరే ఆయనకు నిజమైన నివాళి.

రెండుసార్లు చదివాను. మొదటిసారి నేను తప్పు చదివానేమో అనుకున్నాను.

"ఇది వద్దు సార్" అన్నాను.

"ఎందుకు? అబద్ధమా? చివరి డెమో కాదా?"

"వద్దు సార్."

"చూడు, నాకు మాత్రం బాధ లేదా. ఆయన కష్టం ఊకనే పోవద్దనే గద నేను అంటున్న. ఎమోషనల్ టచ్ ఉంటే డెసిషన్ ఫాస్ట్ అయితది."

"ఎనిమిది తప్పు సార్. పాతవి ఆగవు. డెమోలో ఆయన చెప్పిండు కూడా."

అప్పుడు బాస్ అన్న మాట, ఆ తర్వాత ఇన్నేళ్లలో నేను చదివిన ఏ పుస్తకంలోని దుర్మార్గపు వాక్యం కంటే బాగా నాకు గుర్తుంది. చాలా మామూలుగా అన్నాడు, చాయ్ గ్లాసు పక్కకు జరుపుతూ.

"చెప్పినాయన పోయిండు గద. ఏం చెప్పిండో ఎవనికి యాదికుంటది. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినోడు లైటు వెలుగుతుందా లేదా చూస్తడు. సేఠ్‌కు కావాల్సింది గదే. మనవి ఎనిమిది అమ్ముడుపోతయ్."

కోపం వస్తే నేను అరిచే మనిషిని కాను. నోరు మూతపడుతుంది. కేబిన్‌లోంచి లేచి నా బల్ల దగ్గరికి వచ్చాను. పక్కన అన్న కుర్చీ ఖాళీగా ఉంది. నాకు ఏడుపు రాలేదు. అవతలి వరసలో పెడల్ తొక్కుతూ, లైటు వెలుగుతోంది కదా అని నమ్మి చెయ్యి పెట్టే మనిషి కనపడ్డాడు. ఆ చెయ్యి పోయాక ఆ మెషీన్ పక్కన నిలబడి, ఆ ఉప్పల్ ఆయన ఆగుతదనే చెప్పిండు, పాపం పోయిండు అంటారు. చచ్చిపోయిన మనిషి తను చెప్పని మాటకు జవాబు చెప్పలేడు. బాస్ లెక్కంతా దాని మీదే ఉంది.

మెయిల్ నేనే రాస్తానని నిర్ణయించుకున్నాను. రాసేముందు సేఠ్ ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడ కంప్యూటర్ చూసే అమ్మాయి ఎత్తింది. సార్ మెయిల్స్ ఎలా చదువుతారని అడిగాను.

"సార్ చదువరన్నా. నేను ప్రింట్ తీసి ఎగిరిపోకుంట టేబుల్ మీద పెడ్త. గ్లాసు కింద."

"అటాచ్‌మెంట్లు కూడా తీస్తావామ్మా?"

"తియ్యను. ఇంకు అయిపోతదని తిడ్తరు. మెయిల్‌ల ఉన్నది తీస్త. ఒక్క పేజీ. రెండో పేజీ గూడ వద్దంటరు."

అప్పటిదాకా మా ఆఫీసు ఆ వాడలోని షాపులకు పంపిన బ్రోచర్లు ఎన్ని అలా తెరవకుండానే పోయాయో. మేం అత్యాధునికం, సాటిలేనిది అని రాసుకున్నవన్నీ ఇంకు ఖర్చని ఎవరో అమ్మాయి వదిలేసింది. అది తెలిసి నాకు కొంత సంతోషం కూడా కలిగింది.

అంటే నాకున్నది ఒక కాగితం. గ్లాసు కింద పెట్టే కాగితం. ధర, పని, జవాబు అన్నీ అందులోనే పట్టాలి.

మెయిల్ ఇంగ్లీషులోనే రాశాను, కానీ సేఠ్‌కు తెలిసిన ఇంగ్లీషులో. మొదటి మూడు వాక్యాలు ఆయన మాటలే. శనివారం మీరు రెండు విషయాలు అడిగారు. బిగించడానికి షిఫ్టు పోతుందా అని, పాత ప్రెస్సులకు కూడా పెట్టవచ్చా అని. రెండింటికీ జవాబు ఇది.

షిఫ్టు పోదు. మీ సెలవు రోజు ఆదివారం వచ్చి ఒక్కో ప్రెస్సుకు కర్టెన్ బిగిస్తాం. మూడు ఆదివారాలు, మూడు ప్రెస్సులు. బిగించే ముందు ఆ ప్రెస్సు ఆగడానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తాం, దాన్ని బట్టి తెర అచ్చుకు ఎంత దూరంలో ఉండాలో నిర్ణయిస్తాం. దగ్గరగా బిగిస్తే ప్రెస్సు ఆగేలోపు చెయ్యి చేరుతుంది కాబట్టి ఆ దూరం మీరు తర్వాత మార్చకూడదు.

పాత ఐదింటికి కర్టెన్ పెట్టలేం. పెడితే లైటు వెలుగుతుంది, ప్రెస్సు ఆగదు. వాటికి పంజరం కావాలి. అది మేం అమ్మం. మీ వెల్డర్‌కు కొలతలు మేమే ఇస్తాం.

తర్వాత మూడింటికి ధర, పన్నుతో కలిపి ఒక్క అంకె. అందులో ఏమేం వస్తాయి, మీరు ఏం ఇవ్వాలి, అంటే ఒక ఎలక్ట్రీషియన్, గాలి లైను. ఈ ధర నెలాఖరు వరకు. ఇంతే.

ఆఖరి భాగం మీద చాలాసేపు కూర్చున్నాను. అన్న ఎప్పుడూ ఒక ప్రశ్నతో ముగించేవాడు. ఒక్క మాటతో జవాబివ్వగలిగే ప్రశ్న, ఒక రోజు పేరు ఉన్న ప్రశ్న. పెద్ద నిర్ణయం చెయ్యమని అడిగితే ఎవరూ చెయ్యరు, చిన్నది అడగాలి అని ఆయన లెక్క. నేను రెండు రాశాను. ఒకటి, ఈ ఆదివారం పొద్దున మూడో నంబరు ప్రెస్సు దగ్గర మీ ఎలక్ట్రీషియన్ ఉంటాడా? రెండు, ఐదు పంజరాలు మీ వెల్డర్ ఏ రోజుకు పూర్తి చేస్తాడు? ఈ కాగితం మీదే రాసి ఫ్యాక్స్ చేసినా చాలు.

అన్న చావు గురించి ఒక్క మాట రాయలేదు. ఆ మెయిల్ ఆయన్ని అమ్మడానికి కాదు.

పంపాక బయటికి పోయిన మెయిల్ చూసుకుంటే కాపీ గడిలో అన్న అడ్రసు ఉంది. నేను కావాలని పెట్టలేదు. ఆఫీసులో ఏ మెయిల్ రాసినా ఆయనకు కాపీ పెట్టడం అలవాటు. మొదటి అక్షరం కొడితే మిగతాది కంప్యూటరే నింపేది. బాస్‌కు పెట్టబోయి ముందు ఆయనకు పెట్టాను, తర్వాత బాస్‌కు.

బాస్ చూశాడు. నన్ను పిలవలేదు. హాల్లోకి వచ్చి అందరి ముందు అన్నాడు, "చచ్చిపోయినాయనకు కాపీ పెట్టిండు మనోడు. ఇంగ ఆర్డర్ పైనుంచి వస్తది."

ఒకరిద్దరు నవ్వారు. వాళ్లను నేను తప్పు పట్టను, ఆయన ఇచ్చే జీతం మీద బతికేవాళ్లు. కానీ ఎవరు నవ్వారో నాకు గుర్తుంది.

సాయంత్రం బాస్ తన మెయిల్ కూడా పంపాడు. బరువెక్కిన హృదయం, ఎనిమిది ప్రెస్సులు, నివాళి, అన్నీ ఉన్నాయి.

మరునాడు సేఠ్ నా సెల్‌కు ఫోన్ చేశాడు. "మీ దుకాణం నుంచి రెండు కాయితాలు వచ్చినయ్. ఒకటి మూడంటది, ఇంకోటి ఎనిమిదంటది. వచ్చి చెప్పు. నువ్వొక్కనివే రా."

బాస్‌కు చెప్పకుండానే నాచారం వెళ్లాను. ఉప్పల్ నుంచి బస్సు ఎక్కి, ఇండస్ట్రియల్ ఏరియా దగ్గర దిగి నడిచాను. షెడ్డులో అన్ని ప్రెస్సులూ నడుస్తున్నాయి. అవతలి వరసలో రెండు వేళ్లు సగం ఉన్న ఆపరేటర్ పెడల్ తొక్కుతున్నాడు. అతను పాత ప్రెస్సు మనిషి అని నాకు అప్పుడే తెలిసింది. నన్ను చూసి గొంతు పెంచాడు.

"మునక్కాయల సారేడి?"

తర్వాత చెప్తానని చెయ్యి ఊపి లోపలికి నడిచాను. మెషీన్ మోత మీద చెప్పే విషయం కాదు.

సేఠ్ బల్ల మీద రెండు కాగితాలూ పక్కపక్కన ఉన్నాయి. బాస్ కాగితం పక్కకు జరిపి, "గాయన పోయిండా నిజంగ?" అని అడిగాడు.

"పోయిండు సేఠ్. ఆదివారం."

"నా ముంగట నిలబడి మాట్లాడిండు. శనివారం" అన్నాడు. తర్వాత బాస్ కాగితం మీద వేలు పెట్టాడు. "గిది చదివిన. ఆయన పేరు చెప్పి ఎనిమిది అమ్ముతున్రు. ఆయన ఆగది అన్నడు నాతోటి. నాకేం చెవుడు లేదు." ఇప్పుడు నా కాగితం మీద వేలు. "గిండ్ల కాపీ ఆయనకు పెట్టినవు. పోయినాయనకు కాపీ ఎందుకు?"

"అలవాటులో పడింది సేఠ్."

"మంచిగయింది. ఆయనకు కాపీ పెట్టి ఆయన చెప్పని మాట రాయవు గద" అన్నాడు. పొగడ్తలా అనలేదు. సరుకు తూకం చూసి అన్నట్టు అన్నాడు.

పెన్ను తీసి నా మొదటి ప్రశ్న పక్కన ఓకే అని రాశాడు. రెండో ప్రశ్న దగ్గర ఆగాడు. పెన్ను మూత పెట్టాడు.

"పంజరం సంగతి సరే తీ. చేపిద్దాం."

అన్న బతికుంటే నవ్వి ఇంకో దారిలో వచ్చేవాడేమో. చాయ్ తాగుతూ వెల్డర్ ఎవరని అడిగి, అటు తిప్పి ఇటు తిప్పి రోజు చెప్పించుకునేవాడు. నాకు ఆ నేర్పు లేదు, ఆ పూట ఓపిక కూడా లేదు. వారం మొత్తం మూసుకున్న నోరు అక్కడ తెరుచుకుంది.

"సరే తీ అంటే ఏందో నాకు తెలుసు సేఠ్. శనివారం గూడ గదే అన్నరు. ఆర్డర్ ఇయ్యకుంటే ఇయ్యకున్రి. కానీ మూడింటికి కర్టెన్ పెట్టి ఐదింటిని ఇడిచిపెడ్తే, ఇన్‌స్పెక్టర్‌కు మూడు చూపిస్తరు, వేళ్లు ఐదింటి కాడ పోతయ్. అవతల ఉన్నాయనకు ఇంకా ఎనిమిది వేళ్లు ఉన్నయ్. రోజు చెప్పుండ్రి."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కంప్యూటర్ అమ్మాయి టైపు కొట్టడం ఆపింది.

సేఠ్ నన్ను చాలాసేపు చూశాడు. గెంటిస్తాడనుకున్నాను. బల్ల మీది తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. బొటనవేలి చివర గోరు లేదు. శనివారం మేమిద్దరం దాన్ని గమనించలేదు.

"నీకన్న ఆయనే నయం. నవ్వుకుంట చెప్పిండు" అన్నాడు. సెల్ తీసి ఎవరికో చేశాడు. "ఏం చేస్తున్నవ్ రా. జాలి పనుంది. ఐదు. ఎప్పుడు ఇస్తవ్?... దసరా గిసరా నడువది. నెలాఖరు అను." ఫోన్ పెట్టి, పెన్ను మూత తీసి, రెండో ప్రశ్న పక్కన నెలాఖరు అని తెలుగులో రాశాడు. "ఇంగ పో. ఆదివారం మునక్కాయలు తేకు, ఇంట్ల కూర చేసుకుంటం గని ఇక్కడ పిప్పి చేస్తున్రు."

బయటికొచ్చి ఆపరేటర్ దగ్గర ఆగాను. అతని చెయ్యి అచ్చు మీంచి బయటికి వచ్చాక అన్న సంగతి చెప్పాను. అతను మెషీన్ ఆపి, "ఎన్నడు? శనివారం నవ్వె గద" అన్నాడు. అప్పటిదాకా విన్న ఓదార్పు మాటలన్నిటిలో అన్న గురించి ఉన్నది ఆ ఒక్కటే.

మూడు ఆదివారాల్లో మూడు కర్టెన్లు బిగించాం. పంజరాలు నెలాఖరుకు రాలేదు, తర్వాత కొన్ని రోజులకు వచ్చాయి. కొలతలు సరిగ్గానే ఉన్నాయి. పనివాళ్లు తిట్టుకున్నారు. రేకు పెట్టడం ఆలస్యమవుతోందని, తమను కోళ్లలాగా గంపల్లో పెట్టారని. ఆ ఆపరేటర్ మాత్రం, "కోడికైన గంపల ఉన్నంతసేపే మంచిగుంటది" అన్నాడు.

మా ఆఫీసులో ఆర్డరు వచ్చిన పూట బాస్ స్వీట్లు తెప్పించాడు. ఎనిమిది అమ్ముడుపోవాల్సిన చోట మూడే పోయాయని ఒక మాట అన్నాడు. తర్వాత ఒక డీలర్ల సమావేశంలో మైకు పట్టుకుని, మా సహోద్యోగి చివరి డెమో ఎలా ఆర్డరుగా మారిందో చెప్పాడు. బరువెక్కిన హృదయం మళ్లీ వచ్చింది. కొందరు లేచి నిలబడ్డారు. నేను కూర్చునే ఉన్నాను.

అది కూడా భరించగలిగేవాణ్నే. ఉపన్యాసాలు గాలికి పోతాయి. నేను ఉద్యోగం మానేసింది ఆ తర్వాత కొన్ని నెలలకు, కొత్తగా చేరిన కుర్రాడు ఒకడు తను రాసిన మెయిల్ చూపించి బాగుందా అన్నా అని అడిగినప్పుడు. అది నా మెయిల్. బాస్ దాన్ని అందరికీ మూసగా ఇచ్చాడు. ఒక్క పేజీ. మొదట కొనేవాడి ప్రశ్నలు, ఆదివారం బిగింపు, పన్నుతో ఒక్క అంకె, చివర ఒక్క మాటతో జవాబిచ్చే ప్రశ్న. అంతా అన్న నేర్పినట్టే ఉంది. మూడు అని ఉన్నచోట ఖాళీ గీత పెట్టాడు, ఎన్నయినా నింపుకోవచ్చు. పాత ప్రెస్సుల పేరా లేదు. రెండో ప్రశ్న లేదు.

"ఇక్కడ ఒక పేరా ఉండాలె" అన్నాను కుర్రాడితో.

"సార్ తీసేయమన్నరన్నా. దానితోని సేల్ పడిపోతదంట."

ఆ పేరా అతని కంప్యూటర్‌లో నేనే కొట్టి ఇచ్చాను. పెట్టింది కర్టెన్, వెలిగేది లైటు, ఆగేది ప్రెస్సు, ఈ మూడూ ఒకటి కాదని. ఆగే ప్రెస్సు ఏదో, ఆగనిది ఏదో చూడకుండా అంకె నింపవద్దని. అతను తలూపాడు. పంపాడో లేదో నాకు తెలియదు. అదే వారం రాజీనామా రాశాను, రెండు వాక్యాలు. కాపీ గడిలో మొదటి అక్షరం కొట్టగానే అన్న అడ్రసు వచ్చింది. ఈసారి చూసి, కావాలనే ఉంచాను.